వరసల వారీగా ఐదు వేల మెసేజీలు

మునిరత్నం అన్న మా ఆఫీసుకొస్తే నాకు ముందు ఒళ్ళు మండేది. మనిషి మంచివాడే. మంచితనంతోనే చంపుతాడు. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక మేడమీద రెండు గదులు మా ఆఫీసు. ఒక గదిలో ఓనరు ప్రతాప్ గారు కూర్చుంటారు, రెండో గదిలో నేనూ, రెండు కంప్యూటర్లూ, ఒక ఫోనూ. బట్టల షాపులకీ, కాలేజీలకీ వేలకు వేలు మెసేజీలు ఒకేసారి పంపిపెట్టడం మా పని. 2009లో ఆ పని చేసేవాళ్ళు ఊళ్ళో ముగ్గురో నలుగురో, అంతే.

మునిరత్నం అన్న దామలచెరువు వైపు మామిడి రైతుల సంఘం కార్యదర్శి. యాభై దాటినవాడు, పదెకరాల తోట ఉన్నవాడు. చుట్టుపక్కల ఆరు గుజ్జు ఫ్యాక్టరీలకు ఏ రైతు ఏ రోజు ట్రాక్టరు తోలుకురావాలో టోకెన్లు వేసేది ఆ సంఘమే. టోకెన్ లేకుండా పోతే ఫ్యాక్టరీ గేటు ముందు రెండేసి రోజులు ఎండలో నిలబడాలి, కాయ ట్రాక్టరులోనే మగ్గి కారిపోతుంది. అందుకని టోకెన్ నంబరు మెసేజీలో పంపేవాళ్ళం. తెలుగు అక్షరాలు అప్పటి ఫోన్లలో చాలావాటికి వచ్చేవి కావు కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళం.

ఐదు వేల నాలుగు వందల మంది రైతులు. ఆయన ఇచ్చిన లిస్టులో ఊరు, పేరు, నంబరు, ఆ పక్కన ఇంకొక గడి. ఆ గడిలో వరస! అన్న, చిన్నాయన, పెద్దనాయన, మామ, బావ, అక్క, వదిన, అత్త, పిన్నమ్మ, అవ్వ. ఎవరిని తాను ఏమని పిలుస్తాడో అదంతా రెండు నెలలు కూర్చుని రాయించాడు. మెసేజీ తెరిస్తే "సుబ్బన్న మామా, మీ టోకెన్ నంబరు ఫలానా" అని రావాలి. అదీ ఆయన పట్టు.

"ఇదేం పెళ్ళి పిలుపా అన్నా? టోకెన్ నంబరు పోతే చాలదా?" అని మొదట్లోనే అడిగాను.

"సాలదు పాపా. వరస లేకుండా వస్తే కంపెనీవోళ్ళ మెసేజి అనుకుంటారు. సదవకుండానే తుడిపేస్తారు" అన్నాడు.

నేను నమ్మలేదు. మే నెలలో సంఘం మీటింగు మెసేజీ వరస లేకుండా పంపించాను. నాలుగు వేల మందికి పోతే నలభై మంది వచ్చారు. ఆ తర్వాత నోరు మూసుకున్నాను.

మెసేజీ చివర మా ఆఫీసు నంబరు ఉండేది, ఏదైనా అనుమానం ఉంటే అడగమని. ఎవరూ అడిగేవాళ్ళు కాదు, తాయమ్మ తప్ప. ఆమెది మునిరత్నం అన్న ఊరే, ఊరి బయట కాలనీ. గుట్టవార సర్కారు ఇచ్చిన పట్టా భూమిలో నీళ్ళు మోసి మామిడి పెంచుకున్న మనిషి. అన్నేళ్ళూ చెట్టు మీదుండగానే దళారి చేతికి ఇచ్చేసేది. ఆ ఏడే మొదటిసారి తన కాయ తానే ఫ్యాక్టరీకి తోలబోతోంది. చదువు రాదు. ఫోను కుయ్‌మంటే చాలు, ఐదు నిమిషాల్లో మాకు ఫోన్ చేసేది.

"ఏమో వచ్చినాదమ్మా. ఏముండాది దాంట్లో?"

నేను నా స్క్రీను మీద చూసి చదివేదాన్ని. "తాయమ్మక్కా, మీ టోకెన్ గురువారం పొద్దున" అని.

"మునిరత్నం నాయుడు అక్కా అని రాసినాడా?" అని ఒకసారి అడిగింది.

"రాశాడు" అన్నాను. నిజానికి ఆ లైనులో పేరొక్కటే ఉంది. అక్కా అని చేర్చింది నేనే. ఆమె అడిగిన తీరుకు నాకు అబద్ధం దానంతటదే వచ్చేసింది. వరస ఎందుకు లేదో ఆరా తీద్దామని కూడా నాకు తోచలేదు.

ఆ గురువారం టోకెన్‌కు ముందురోజు, అంటే జూన్‌లో ఒక బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మునిరత్నం అన్న మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయిపోయింది.

"పాపా, కొంప మునిగింది. లారీలు నిలబెట్టేసినారు. సమ్మె. గుజ్జు పోసే డ్రమ్ములు యాడాడో ఇరుక్కుపోయినాయి. ఆరు ఫ్యాక్టరీలూ రేపట్నించి మూడు దినాలు బందు. టోకెన్లన్నీ రద్దు, కాయ కొయ్యొద్దు అని ఇప్పుడే పంపించాల. మూడు గంటలకు ఎండ తగ్గితే కోత మనుషులు తోటల్లోకి దిగేస్తారు. కోసిన కాయను మళ్ళీ సెట్టుకు అతికించలేము గదా!"

"ఎంతసేపు పని? కూర్చో" అన్నాను. నిజంగానే అంత ధీమాగా అన్నాను.

మేము మెసేజీలు నేరుగా పంపం. మద్రాసులో ఒక కంపెనీ ఉంది, వాళ్ళకు ఇస్తాం, వాళ్ళు ఫోన్ కంపెనీలకు ఇస్తారు. మా ప్రోగ్రాము క్యూలో నిలబడ్డ మెసేజీలను ఒక్కొక్కటే తీసి మద్రాసు తలుపు తడుతుంది. మా ఖాతాకు వాళ్ళు పెట్టిన హద్దు సెకనుకు రెండుసార్లు. అంతకు మించి తడితే తీసుకోరు, తిప్పి పంపుతారు. సెకనుకు రెండు లెక్కన ఐదు వేల నాలుగు వందలకు నలభై ఐదు నిమిషాలు. ఒంటిగంటా ఐదుకు మొదలుపెట్టాను. కదలకుండా కూర్చునుంటే రెండు లోపలే అయిపోయేది.

కూర్చోనిస్తేనా? మునిరత్నం అన్న నా భుజం వెనక నిలబడి, "ఎంతయింది? ఇంకా రెండు నూర్లేనా? ఇంకా నాలుగు నూర్లేనా?" అని నస. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. ఐదు నిమిషాలు భరించాను. ఆరో నిమిషంలో నాకు తిక్క రేగింది. మిగిలిన లిస్టును నాలుగు ముక్కలు చేసి, ప్రోగ్రామును నాలుగుసార్లు తెరిచి, నాలుగూ ఒకేసారి వదిలాను.

నాలుగు చేతులు ఒకే తలుపు తడితే తలుపు పెద్దదవుతుందా? సెకనుకు రెండు లోపలికి పోయాయి, తక్కినవన్నీ తిరిగొచ్చాయి. తిరిగొచ్చినవాటిని కాసేపు ఆగి పంపాలని నా ప్రోగ్రాముకు నేను నేర్పలేదు. అది తిరిగొచ్చిన క్షణమే మళ్ళీ పంపుతుంది. అవీ తిరిగొస్తాయి, మళ్ళీ పంపుతుంది. రెండు నిమిషాల్లో మా తట్టుడు సెకనుకు రెండు వందలయింది. ఆ తర్వాత స్క్రీను మీద ప్రతి లైనులోనూ ఒకే మాట. ఖాతా నిలిపివేయబడింది.

తొమ్మిది వందలు పోయాయి. నాలుగు వేల ఐదు వందలు ఆగిపోయాయి.

మద్రాసుకు ఫోన్ చేస్తే ఎంగేజు. మళ్ళీ చేస్తే ఎంగేజు. ఒకటీ ముప్పై ఐదుకు కుప్పుస్వామి దొరికాడు. అక్కడ మాలాంటివాళ్ళకు ఫోన్లో సాయం చేసే మనిషి. ఎప్పుడూ చూడలేదు కానీ గొంతు బాగా తెలుసు.

"ఏమ్మా భానుశ్రీ, ఏం చేస్తా ఉండారు మీరు? ముందు అన్నీ మూసేయండి! తాళం పడినాక కూడా తడతానే ఉంటే తాళం టైము మళ్ళీ మొదట్నించి లెక్కవుతాది."

నేను ఫోను పట్టుకుని తిట్టుకుంటున్న ఇరవై నిమిషాలూ నాలుగు ప్రోగ్రాములూ తలుపు బాదుతూనే ఉన్నాయి. గబగబా అన్నీ మూసేశాను.

"ఇప్పట్నించి నలభై నిమిషాలు. రెండుంబావుకు అదే తెరుచుకుంటాది. నా చేతిలో లేదమ్మా, మిషను వేసిన తాళం. తెరిచినాక కూడా ఈరోజంతా సెకనుకు ఒక్కటే" అన్నాడు.

సెకనుకు ఒకటి. నాలుగు వేల ఐదు వందలు. డెబ్భై ఐదు నిమిషాలు. రెండుంబావుకు మొదలుపెడితే మూడున్నర. ఆ లెక్క మునిరత్నం అన్నకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే నా ముఖం చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"నేను నిన్ను తొందర పెట్టకుండా ఉండాల్సింది పాపా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

"ఒక దారి ఉందమ్మా" అన్నాడు ఫోన్లో కుప్పుస్వామి. "అందరికీ ఒకటే మాటలైతే, ఒక్కసారి తట్టి వంద నంబర్లు ఇవ్వచ్చు. వంద కలిపి ఒక్క తట్టుడు కిందే లెక్క. మావాళ్ళు ఆడ్నించి నిమిషానికి రెండు వేలు ఫోన్ కంపెనీలకు తోసేస్తారు. మీరెందుకు ఒక్కొక్కటి పంపతారు?"

ఎందుకంటే మాది పెళ్ళి పిలుపు! ప్రతి మెసేజీకీ వేరే పేరు, వేరే వరస. టోకెన్ల మెసేజీకి అది తప్పదు, నంబర్లే వేరు కదా. ఇప్పుడు రద్దు మాట అందరికీ ఒక్కటే. అయినా అలవాటు కొద్దీ ఆ మూసలోనే పోశాను.

"అన్నా, పేర్లూ వరసలూ తీసేస్తాను. ఒక్కటే మాట అందరికీ. ఒక్క నిమిషంలో పోతాయి" అన్నాను.

"పోతాయి. ఎవురు సదవతారు?" అన్నాడు. కోపం లేదు, దిగులు. "మే నెలలో సూసినావు గదా. మీటింగుకు రాకపోతే పోయింది. ఇది కాయమ్మా. సమ్మచ్చరం కష్టం."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ లిస్టు వైపు చూస్తున్నాను. అన్న, అన్న, మామ, అన్న, చిన్నాయన, అన్న. ఉన్నట్టుండి బుర్రలో వెలిగింది.

"అన్నా! నీకు ఎన్ని వరసలున్నాయి మొత్తం?"

"అదేం ప్రశ్న?"

లెక్క పెట్టాను. పదహారు. ఐదు వేల మంది ఉన్నా ఆయన పిలిచే పిలుపులు పదహారే. పేరు తీసేసి వరస ఒక్కటి ఉంచితే, అన్నలందరికీ ఒకటే మాట, మామలందరికీ ఒకటే మాట. "అన్నా, నేను మునిరత్నాన్ని. ఫ్యాక్టరీలు మూడు దినాలు బందు. కాయ కొయ్యొద్దు." అన్నలను వందేసి మంది చొప్పున, మామలను వందేసి మంది చొప్పున కట్టలు కట్టి పంపితే అరవై తట్టుళ్ళు దాటవు. ఒక్క నిమిషం!

"పేరు లేకపోయినా ఫరవాలేదా?"

"వరస ఉంటే సాలు. వరస ఉంటే మనోడేననుకుంటారు" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ. "ఓసి నీ తెలివి!"

తాళం తెరుచుకోడానికి ఇంకా ముప్పై నిమిషాలుంది. కొత్త ప్రోగ్రాము రాశాను. క్యూలోంచి ఒక్కొక్క పేరు తీసి, గడిలో ఏముందో చూసి, ఆ కట్టలో వెయ్యి. కట్ట వంద నిండితే పంపు. నిండని కట్టలు చివర్లో మిగిలిపోతాయి కాబట్టి ఆఖరున వాటినీ పంపు. అది మరిచిపోతే మొత్తం మునుగుతుందని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. తిప్పి పంపితే వెంటనే తట్టకుండా ఐదు సెకన్లు ఆగమన్నాను, మళ్ళీ తిప్పితే పది ఆగమన్నాను. ఆ లిస్టు చివర ఎప్పుడూ నాలుగైదు ఖాళీ లైన్లుంటాయి, వాటితో ప్రోగ్రాము తప్పులు చూపించి ఆగిపోతుంటుంది. అందుకని ఇంకో మాట కూడా రాశాను. వరస గడి ఖాళీగా ఉంటే వదిలెయ్యి.

రెండుంబావుకు తలుపు తెరుచుకుంది. సెకనుకు ఒకటి, తడబాటు లేకుండా. రెండూ పదిహేడుకు స్క్రీను మీద "క్యూలో మిగిలినవి 0" అని పడింది. కాసేపటికి చేరినట్టు రసీదులు వందలకు వందలు రావడం మొదలైంది. మునిరత్నం అన్న ఫోను మోగింది. చెంగయ్య మామంట, కోత మనుషులను వెనక్కు పంపించేశాడంట. ఇంకొకరు, మరొకరు. ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ, "అవునన్నా, నేనే పంపించినా, నేనే" అని అందరికీ చెప్పుకుంటున్నాడు. కింద హోటలు నుంచి కాఫీ తెప్పించాడు. నాకు గాల్లో తేలినట్టుంది.

మూడూ పదయింది. కాఫీ గ్లాసు కింద పెడుతుంటే నాకు ఏదో వెలితిగా అనిపించింది. మా ఆఫీసు ఫోను మోగలేదు.

"అన్నా, తాయమ్మ ఫోన్ చేయలేదే" అన్నాను.

"ఏ తాయమ్మ?"

"మీ ఊరే కదా, కాలనీ తాయమ్మ. ఏ మెసేజీ వచ్చినా ఐదు నిమిషాల్లో చేస్తుంది. రేపే ఆమె టోకెన్."

లిస్టులో ఆమె పేరు వెతికాను. ఊరు, పేరు, నంబరు. నాలుగో గడి ఖాళీ. పైన చూశాను. ఖాళీ. కిందా ఖాళీ. కాలనీ మొత్తం, నలభై ఒక్క పేర్లు, నలభై ఒక్క ఖాళీ గడులు. పంపినవి లెక్కేస్తే నాలుగు వేల నాలుగు వందల యాభై తొమ్మిది. క్యూ సున్నా అయింది నిజమే. వీళ్ళను క్యూలోంచి తీసి, ఏ కట్టలోనూ వెయ్యకుండా వదిలేశాను కదా!

"వీళ్ళకు వరసలు ఎందుకు లేవన్నా?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఆయన స్క్రీను వైపు చూసి తల దించుకున్నాడు. "ఏమని రాయాల్నో తెలీలేదు పాపా. మా ఇంట్లో వాళ్ళను పేరు పెట్టే పిలుస్తారు. మా నాయన అట్లే పిలిచినాడు, నేనూ అట్లే. అన్నా అని రాస్తే ఊళ్ళో ఎవురేమంటారో అని. తర్వాత రాద్దాంలే అనుకున్నా."

"తర్వాత అంటే ఎప్పుడు? కాయ కోసేశాకా?" అని అరిచేశాను. మా నాయన వయసున్న మనిషి మీద. అరుస్తున్నానే గానీ వదిలెయ్యమని రాసింది నా చేత్తోనే అని లోపల కోస్తోంది.

ఆ లోపు ఆయన తాయమ్మకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. ఎండుటాకుల చప్పుడు, దూరంగా మనుషుల మాటలు.

"ఎవురూ?"

"నేను, మునిరత్నం. కోస్తా ఉండారా?"

"భోజనాలు చేసి రెండున్నరకే దిగినాము. సగం సెట్లు అయిపోయినాయి. మేమే కోసుకుంటాం గదా, కూలోళ్ళను యాడ తెస్తాము? ఏమి?"

ఆయన చెప్పాడు. సమ్మె, ఫ్యాక్టరీల బందు, కొయ్యొద్దని మెసేజీ.

"ఇప్పుడే రోడ్డుమింద సుబ్బన్నోళ్ళ కోత మనుషులు ఎనక్కి పోతా ఉంటే ఏందబ్బా అనుకున్నాము" అంది తాయమ్మ. "వాళ్ళకొచ్చిందా?"

"వచ్చింది."

"ఊరందరికీ వచ్చిందా?"

"వచ్చింది."

"మాకు రాలేదు."

ఇక్కడ నేను నోరు తెరిచాను, కంప్యూటరు తప్పు అని చెబుదామని. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"నేను మీకు వరసలు రాయలేదు. వరస రాసినోళ్ళకే పోయినాది. తప్పు మిషనుది కాదు, నాది" అన్నాడు. "ఇంక కొయ్యకండి. కోసినకాయ ఎండలో పెట్టొద్దు, నీడన గడ్డి పరిచి పలచగా పొయ్యండి, నాలుగైదు దినాలు ఆగుతాది. ఆదివారం గేట్లు తెరిస్తే మొదటి నలభై ఒక్క టోకెన్లు మీ కాలనీవే. నావి ఆ ఎనకనే."

"సరే" అంది ఆమె. తిట్టలేదు, ఏడవలేదు. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

"ఈ మాటే మీ కాలనీలో అందరికీ పంపిస్తా" అని ఆయన నా వైపు తిరిగి, నలభై పేర్లకు నలభై వరసలు చెప్పడం మొదలుపెట్టాడు, ఫోను పెట్టేయకుండానే. వెంకటముని అన్న. కోమలి అక్క. ఆగకుండా, ఎవరి వంకా చూడకుండా చెప్పాడు. ఒక్కొక్క పేరుకూ ఆయన చెవులు ఎర్రబడుతున్నాయి. నేను గడులు నింపుతున్నాను. అటు తాయమ్మ వింటూనే ఉంది. చివరికి ఆమె పేరు దగ్గర ఆగాడు.

"నిన్ను ఏమని రాయమంటావు? అక్కా అని రాయనా? నువ్వే చెప్పు" అన్నాడు ఫోన్లోకి.

ఆమె ఆలోచించింది. నేను వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుని కూర్చున్నాను.

"అక్కా చెల్లీ వద్దులే. ఆదివారం దాటినాక నీకూ కష్టం, నాకూ కష్టం" అంది. "తాయమ్మగారు అని రాయి. నువ్వు ఫోన్‌లో పిలిచినా అట్లే పిలువు. సాలు."

మునిరత్నం అన్న ఫోను దగ్గరకు వంగాడు. "అట్లే, తాయమ్మగారూ" అన్నాడు.

నలభై మంది తొమ్మిది కట్టల్లో సర్దుకుపోయారు. పదో కట్టలో ఆమె ఒక్కతే. వంద మంది పట్టే కట్టను ఒక్క నంబరుతో పంపించాను.